ఒక మాట చెప్పి, పాటతోనే నిరూపించి

తెలుగు పాఠం చదివిన ఏ విద్యార్థికైనా పద్యం కింద ఏం రాయాలో బాగా అలవాటే. ప్రతిపదార్థం, భావం, కవి పరిచయం, సందర్భం, ఒకట్రెండు విశేషాలు. ఏళ్ల తరబడి జవాబు పత్రాల్లో అదే వరసలో రాసి రాసి చెయ్యి దానంతట అదే నడుస్తుంది. అదే విద్యార్థిని ‘ఒక పాట సాహిత్యాన్ని విశ్లేషిస్తూ వ్యాసం రాయి’ అంటే, ఆ పాత వరసే మళ్లీ కాగితం మీదికి వస్తుంది. ముందు రచయిత పుట్టిన ఊరు, తర్వాత ఆయనకు వచ్చిన పురస్కారాలు, ఆపైన పల్లవికి భావం, మొదటి చరణానికి భావం, రెండో చరణానికి భావం, చివర ‘ఈ పాట ఎంతో అద్భుతంగా ఉంది’ అన్న వాక్యం. రెండు పేజీలు నిండుతాయి. పాట ఏం చెబుతోందో అందులో ఉంటుంది కానీ, ఆ పాటలో విద్యార్థి ఏం కనిపెట్టాడో ఉండదు.

విశ్లేషణ వ్యాసం అడిగేది రెండోదాన్నే. పాట గురించి ఒక మాట చెప్పాలి. అది చదివినవాడు ‘అవునా? ఎక్కడుంది?’ అని అడగదగ్గ మాట అయి ఉండాలి. తర్వాత పాటలోని పదాలనే చూపిస్తూ దాన్ని నిరూపించాలి. చివర, ఆ నిరూపణ వల్ల పాట కొత్తగా ఎలా అర్థమైందో చెప్పి ఆపాలి. అమెరికా, బ్రిటన్ లాంటి చోట్ల చదువుతున్న తెలుగు పిల్లలకు ఇంగ్లిషు తరగతిలో ఈ తరహా వ్యాసం తరచుగా ఎదురవుతుంది. ఇక్కడి పిల్లలకు కాలేజీకి వెళ్లాక గానీ తగలదు. ఏ భాషలో రాసినా కట్టుబడి మాత్రం ఒకటే.

ఈ కట్టుబడిని చూపించడానికి సినిమా పాటను తీసుకుంటే ఒక చిక్కుంది. పాట పేరు వినగానే బాణీ, గాయకుడి గొంతు, తెరమీది నటుడు కలిసి ముందుకొస్తారు. ఏది సాహిత్యం వల్ల కలిగిన అనుభూతో, ఏది వయొలిన్ల వల్ల కలిగిందో విడదీయడం మొదట్లో కష్టం. అందుకని ఈ వ్యాసం కోసమే రాసిన ఒక చిన్న పాటను ఇక్కడ వాడుకుందాం. దీనికి బాణీ లేదు, కథ లేదు, రచయిత జీవిత చరిత్ర లేదు. ఉన్నవి పదాలు మాత్రమే.

పల్లవి:
దీపం వెలిగించి తలుపు తీసుంచాను
తీరిక చూసుకుని రా, తొందరేం లేదు

చరణం 1:
పండక్కి వస్తానని కబురు పంపావు
పిండి దంచి ఉంచాను, బెల్లం కొట్టుంచాను
చివరి బస్సు వెళ్ళాక చీమలు పట్టకుండా
రెండూ మూతపెట్టి అటకెక్కించాను

చరణం 2:
పెరట్లో మామిడి విరగ కాసింది
వీధి వీధంతటికీ పంచిపెట్టాను
నీ వంతు నాలుగు గడ్డిలో దాచాను
మగ్గాయో లేదోనని రోజూ తడిమాను

చరణం 3:
కళ్ళకు మసకలు, గడప ఆనదు
వైద్యుడు చెప్పింది నీతో అనలేదు
వచ్చిన రోజున పలకరించకున్నా
చెంప తడిమితే చాలు, పోల్చుకుంటాను

ప్రతి చరణం తర్వాతా పల్లవి మళ్లీ వస్తుంది.

ఇది చదవగానే పదిమందిలో తొమ్మిదిమంది రాసే మొదటి వాక్యం ఇలా ఉంటుంది: ‘ఈ పాటలో ఒక తల్లి తన కొడుకు కోసం ఎదురుచూస్తోంది.’ ఇప్పుడు పాటలోకి వెళ్లి తల్లిని వెతకాలి. ‘అమ్మ’ అన్న పదం లేదు. ‘కొడుకు’ లేదు, ‘కూతురు’ లేదు. ‘ఉంచాను, దాచాను, తడిమాను’ అన్న క్రియలు ఆడవాళ్లు అన్నా అలాగే ఉంటాయి, మగవాళ్లు అన్నా అలాగే ఉంటాయి. ‘నువ్వు’ కూడా అంతే. మాట్లాడేది తండ్రి కావచ్చు, మనవరాలి కోసం చూస్తున్న తాతో నాయనమ్మో కావచ్చు, భర్తో భార్యో కావచ్చు. పిండి దంచడం, బెల్లం కొట్టడం చూసి తల్లి అనుకోవడం సహజమే. కానీ అది పాట చెప్పినది కాదు, పాఠకుడు పూరించుకున్నది. వ్యాసంలో ‘పాటలో మాట్లాడే మనిషి’ అని రాసి ముందుకు వెళ్లడం మేలు. తల్లి అనే రాయాలనిపిస్తే ‘ఈ పనులను బట్టి తల్లి అని ఊహించవచ్చు’ అని ఒప్పుకుని రాయాలి.

మాట్లాడే మనిషి వేరు, రాసిన మనిషి వేరు అన్నది సినిమా పాటల్లో మరీ ముఖ్యం. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రానికి రాసిన పాటకు శ్రీశ్రీ జాతీయ ఉత్తమ గీత రచయిత పురస్కారం అందుకున్నారు. ఆ పాట మీద వ్యాసం రాసేవాళ్లు ‘ఇందులో శ్రీశ్రీ అంటున్నాడు’ అని రాస్తే సగం తప్పు. కలం శ్రీశ్రీదే, కానీ తెరమీద ఆ పిలుపు ఒక పాత్రది. ఆ పాత్ర ఎవరితో, ఏ సమయంలో మాట్లాడుతోందో చెప్పకుండా పదాలను మాత్రం పట్టుకుంటే విశ్లేషణ పక్కకు పోతుంది.

మాట్లాడే మనిషి సంగతి తేలాక పెన్సిల్ పట్టుకుని పాటను కనీసం మూడుసార్లు చదవాలి. ఒకసారి మళ్లీ మళ్లీ వచ్చే పదాల కోసం, ఒకసారి ఒకదానికొకటి పొసగని మాటల కోసం, మరోసారి ఉండాల్సింది లేని చోటు కోసం. పై పాటలో ‘తడమడం’ రెండుసార్లు వచ్చింది, మామిడిపండ్లను ఒకసారి, చెంపను ఒకసారి. దాచడం ఒక చరణంలో కనిపిస్తే, తర్వాతి చరణంలో ‘నీతో అనలేదు’ అంటూ అదే పని మరో రూపంలో కనిపిస్తుంది. పల్లవి ‘తొందరేం లేదు’ అంటుంటే, చరణాల్లో పనులు ఒకటి తర్వాత ఒకటి జరిగిపోతూనే ఉన్నాయి. ఇక లేనిది ఏమిటంటే, ‘బాధ’ అన్న పదం. ‘ఎదురుచూపు’ అన్న పదం కూడా లేదు.

వ్యాసం పుట్టేది సాధారణంగా ఆ పొసగని చోటునుంచే. ‘తొందర లేదు’ అన్న మనిషి పిండి దంచి సిద్ధంగా ఉంచింది ఎందుకు? చివరి బస్సు ఎప్పుడు వెళ్లిందో తెలిసేదాకా ఎదురుచూడటం ఎందుకు? ఈ ప్రశ్నకు విద్యార్థి ఇచ్చే జవాబే వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన. వ్యాసం మొత్తం ఆ ఒక్క వాక్యం మీద నిలబడుతుంది కాబట్టి దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

ప్రతిపాదన రాయమంటే మొదట వచ్చే వాక్యాలు దాదాపు ఎప్పుడూ పనికిరావు. ‘ఈ పాట ఎదురుచూపు గురించి’ అన్నది విషయమే తప్ప వాదన కాదు. దాన్ని ఎవరూ కాదనరు కాబట్టి నిరూపించాల్సిన పనీ ఉండదు. ‘ఈ పాట మనసును కదిలిస్తుంది’ అన్నది మెచ్చుకోలు. అది రాసినవాడి మనసు గురించి చెబుతుంది, పాట గురించి కాదు. ‘ఈ పాటలో పల్లవి, మూడు చరణాలు ఉన్నాయి’ అన్నది లెక్క. ‘నేటి సమాజంలో పెద్దలు ఒంటరివారైపోతున్నారని ఈ పాట నిరూపిస్తుంది’ అన్నది మరీ పెద్ద మాట. పద్నాలుగు పంక్తుల పాట సమాజం మొత్తం గురించి ఏదీ నిరూపించలేదు.

ఇప్పుడు ఈ వాక్యం చూడండి: ‘పాటలో మాట్లాడే మనిషి తొందరేం లేదని పదేపదే అన్నా, చరణాల్లోని పనులన్నీ ఆత్రాన్నే బయటపెడతాయి, ఆ మాట ఓర్పును తెలిపేది కాదు, దూరాన ఉన్నవారికి తాను బరువు కాకూడదని ఆరాటాన్ని దాచుకునేది.’ దీన్ని కాదనడానికి వీలుంది. ‘కాదు, అది నిజంగా ఓర్పే, ఆశీర్వాదమే’ అని మరో విద్యార్థి అనవచ్చు. అలా అనగలగడమే దీని బలం. రెండో సుగుణం, ఈ వాక్యంలోనే వ్యాసం నడిచే దారి ఉంది: ముందు మాటకూ పనికీ మధ్య ఎడం చూపాలి, తర్వాత దాచడం చూపాలి, ఆపైన ఎవరి కోసం దాస్తున్నారో చూపాలి. ప్రతిపాదన బాగా కుదిరితే పేరాల వరస వేరే ఆలోచించుకోనక్కర్లేదు.

అయిదారు వందల మాటల బడి వ్యాసానికి ముగ్గురు నలుగురు సాక్షులు చాలు. సాక్షులంటే ఇక్కడ పాటలోంచి ఎత్తి చూపే పదబంధాలు. చాలామంది చరణం చరణమంతా దించేస్తారు. నాలుగు పంక్తులు దించిన చోట చదివేవాడికి ఎక్కడ చూడాలో తెలియదు. రాసినవాడికీ తెలియలేదేమోనన్న అనుమానం వస్తుంది. మొదటి చరణంలో ఆత్రాన్ని చూపించాలంటే నిజానికి మూడు పదాలు సరిపోతాయి: ‘చివరి బస్సు వెళ్ళాక’. ఆ మూడు పదాలను ఒక పేరాలో ఎలా వాడుకోవచ్చో చూద్దాం.

‘మాట్లాడే మనిషి ఎదురుచూశానని ఎక్కడా అనరు. కానీ పండగ సరుకును సర్దిన సమయాన్ని “చివరి బస్సు వెళ్ళాక” (చరణం 1) అని చెబుతారు. రాత్రి అయ్యాక అనో, భోజనాలయ్యాక అనో చెప్పవచ్చు. బస్సును బట్టి సమయం చెప్పారంటే అంతకుముందు వచ్చిన బస్సులను కూడా గమనించారని అర్థం. “చివరి” అన్న పదం ఆ రోజుకు ఇక ఆశ లేదని తెలిసిన క్షణాన్ని పట్టిస్తుంది. ఆ వెంటనే పల్లవి వచ్చి తొందరేం లేదంటుంది. అప్పటిదాకా చేసిన పనికీ ఇప్పుడన్న మాటకూ పొంతన లేదు.’

ఈ పేరాలో ఎత్తి చూపిన పదాలు మూడు, వాటి గురించి చెప్పిన వాక్యాలు అయిదారు. ఆ పాళ్లు ముఖ్యం. ఇంకా ముఖ్యమైనది ‘రాత్రి అయ్యాక అనో, భోజనాలయ్యాక అనో చెప్పవచ్చు’ అన్న వాక్యం. రచయిత వాడగలిగి ఉండీ వాడని పదాన్ని పక్కన పెట్టి చూస్తే, వాడిన పదం ఏం పని చేస్తోందో తేటగా కనబడుతుంది. విశ్లేషణలో ఇంతకన్నా నమ్మదగిన పద్ధతి మరొకటి లేదు. ‘ఈ పదం చాలా చక్కగా ఉంది’ అని రాయాలనిపించిన ప్రతిచోటా ఆ స్థానంలో మరో పదం పెట్టి చూడమని ఉపాధ్యాయులు చెబితే, పిల్లల వ్యాసాల్లో సగం మెచ్చుకోళ్లు వాటంతట అవే విశ్లేషణగా మారతాయి.

రాసిన పేరా నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఎత్తి చూపిన పదాలను కొట్టేసి పేరాను మళ్లీ చదవాలి. అవి లేకపోయినా పేరా చెప్పదలచుకున్నది చెప్పేస్తోందంటే, ఆ పదాలు సాక్ష్యంగా రాలేదు, అలంకారంగా వచ్చాయి. పై పేరాలో ‘చివరి బస్సు’ తీసేస్తే ఏమీ మిగలదు. ఉండాల్సింది అలాగే.

రెండో పేరా దాచడం గురించి. ఇక్కడ ప్రతిపదార్థం అలవాటు మళ్లీ అడ్డుపడుతుంది. మొదటి పేరాలో మొదటి చరణం అయిపోయింది కాబట్టి రెండో పేరాలో రెండో చరణం, మూడో పేరాలో మూడో చరణం అనిపిస్తుంది. వ్యాసం పాట వరసలో నడవనక్కర్లేదు, వాదన వరసలో నడవాలి. ‘గడ్డిలో దాచాను’ అన్నది రెండో చరణంలో ఉంది, ‘నీతో అనలేదు’ అన్నది మూడో చరణంలో ఉంది. రెండింటినీ ఒకే పేరాలో పక్కపక్కన పెడితేనే అసలు సంగతి తెలుస్తుంది. మొదట దాచింది రాబోయేవాళ్లకు ఇవ్వడానికి. తర్వాత దాచింది వాళ్లకు తెలియకుండా ఉండటానికి. మామిడిపండ్లయినా, వైద్యుడి మాటయినా దాపరికం వెనక ఉన్నది ఒకే ప్రేమ అని విద్యార్థి అక్కడ వాదించవచ్చు. చరణాలను విడివిడిగా నడిపితే ఈ జత ఎప్పటికీ కలవదు.

పాట బయటి సంగతులు తెలిసినవాళ్లకు ఇక్కడ కొంత లాభం ఉంది, కొంత ప్రమాదమూ ఉంది. పిండి, బెల్లం అనగానే తెలుగువాళ్లకు అరిసెలు, అరిసెలనగానే సంక్రాంతి తడతాయి. మామిడి విరగకాసేది ఎండాకాలంలో. అలా చూస్తే మొదటి చరణానికీ రెండో చరణానికీ మధ్య నెలలు గడిచాయి, పండగకు రావాల్సిన మనిషి మామిళ్ల కాలానికీ రాలేదు. ఇది మంచి గమనిక, వ్యాసంలో రాయదగ్గదే. వంటిల్లు తెలిసిన విద్యార్థి మరో అడుగు వేసి, అరిసెల పిండి తడి బియ్యంతో దంచుతారని, అది నిలవ ఉండేది కాదని, అయినా మూతపెట్టి అటకెక్కించడంలో రేపైనా వస్తారన్న ఆశ ఉందని రాయవచ్చు. కానీ పాటలో ‘అరిసెలు’ అన్న పదం లేదు. అందుకే ‘పిండి, బెల్లం కలిసి రావడాన్ని బట్టి సంక్రాంతి అనుకుంటే’ అన్న మాట తప్పకుండా ముందుండాలి. ఊహకు ఊహ అని పేరు పెట్టినప్పుడు వాదన బలపడుతుంది. ఊహను నిజంలా రాస్తే, చదివేవాడు ఒక్కచోట పట్టుకున్నాడంటే మిగతా వ్యాసాన్ని కూడా అనుమానిస్తాడు.

అతిగా చదవడం అనే జబ్బు తెలివైన పిల్లలకే ఎక్కువ. మూడో చరణం చదివాక వెనక్కి వెళ్లి, ‘మామిడిపండ్లను చూడకుండా తడిమారంటే అప్పటికే చూపు తగ్గిందన్నమాట’ అని కనిపెట్టిన విద్యార్థికి ఎంతో సంతోషం కలుగుతుంది. కానీ గడ్డిలో మగ్గబెట్టిన పండ్లను చూపు బాగున్నవాళ్లు కూడా నొక్కి, తడిమే చూస్తారు. కాబట్టి ఆ ఒక్క పదంతో ఆ సంగతి నిరూపణ కాదు. దాన్ని పారేయనక్కర్లేదు, మాట మార్చుకుంటే చాలు: ‘రెండో చరణంలో పండ్లను తడిమిన చేతులే మూడో చరణంలో చెంపను తడమబోతున్నాయి, మొదట మామూలు పనిగా కనిపించిన తడమడం, చూపు మసకబారిందని తెలిశాక వేరుగా వినిపిస్తుంది.’ ఇందులో వైద్య నిర్ధారణ లేదు. రెండు పదాల మధ్య సంబంధం ఒక్కటే ఉంది, అది పాటలో నిజంగానే ఉంది. అలాగే ‘మసకలు’ అన్న చోట ‘గుడ్డితనం’ అని రాయకూడదు. పాట ఇచ్చినంతే తీసుకోవాలి.

మూడో పేరా పల్లవిది. పద్యానికీ పాటకూ ఉన్న పెద్ద తేడా ఇక్కడే ఉంది కాబట్టి, పాట మీద వ్యాసం అన్నాక పల్లవి గురించి రాయకపోతే లోటే. ఒకే రెండు పంక్తులు తిరిగి తిరిగి వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న: అర్థం కూడా అదే తిరిగి వస్తోందా, మారుతోందా? మొదటిసారి ‘దీపం వెలిగించి’ అన్నప్పుడు అది చీకటి పడిన ఏ ఇంట్లోనైనా జరిగే పని. ‘గడప ఆనదు’ అని విన్న తర్వాత అవే పదాలు మళ్లీ వస్తే, ఆ దీపం వెలిగించిన మనిషికి అది పెద్దగా ఉపయోగపడేది కాదని తెలుస్తుంది. అది వచ్చేవాళ్లకు దారి కనబడటానికి పెట్టినది. అక్షరం మారలేదు, అర్థం మారింది. బరువు కాకూడదన్న ప్రతిపాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం పాటలో లేదు కాబట్టి దీన్ని చివరికి ఉంచుకోవాలి.

ఒక హెచ్చరిక అవసరం. పాడేటప్పుడు పల్లవి ఎన్నిసార్లు వస్తుందన్నది చాలాసార్లు సంగీత దర్శకుడి నిర్ణయం. తెలుగు సినిమాల్లో బాణీ ముందు కట్టి, దానికి పదాలు రాయించుకోవడం మామూలే. ‘రచయిత ఈ పదాన్ని అయిదుసార్లు వాడాడు’ అని లెక్కపెట్టి వాదన కట్టేముందు, ఆ ఆవృత్తి సాహిత్యంలో ఉందా, పాడటంలో వచ్చిందా అని చూసుకోవాలి. చరణం తర్వాత పల్లవి రావడం మీద వాదన నిలబెట్టవచ్చు. గాయకుడు చివర్లో రెండుసార్లు ఎక్కువ పాడాడన్న దాని మీద నిలబెట్టలేం.

ఎదుటి వాదనకు కూడా ఒక చోటివ్వాలి. ‘తొందరేం లేదు అన్నది నిజమైన ఓర్పే కదా’ అని అడిగేవాళ్లకు వ్యాసంలో రెండు మూడు వాక్యాలు చాలు. రెండో చరణం వాళ్ల పక్షాన కొంత నిలుస్తుంది. వీధంతటికీ పండ్లు పంచి, నాలుగే దాచుకున్న మనిషి ఎదురుచూపులో మునిగిపోయినట్టు లేరు. ఈ సంగతిని ఒప్పుకుని, ‘అయినా రోజూ తడిమి చూసిన ఆ నాలుగు పండ్లే ఓర్పు ఎంతవరకో చెబుతున్నాయి’ అని తన దారికి తిరిగి రావచ్చు. తనకు అడ్డొచ్చే పంక్తిని తప్పించుకుని పోయిన వ్యాసం కన్నా, దాన్ని ఎదుర్కొన్న వ్యాసాన్ని ఎవరైనా ఎక్కువ నమ్ముతారు.

ఇదంతా అయ్యాకే పరిచయం రాయాలి. వ్యాసంలో ముందుండేది పరిచయమే అయినా, రాసేటప్పుడు అది ముందు రానక్కర్లేదు. పాట పేరు, రచయిత, సినిమా అయితే సినిమా పేరు, సంవత్సరం, మాట్లాడే మనిషి ఎవరన్నది ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి, పాటలో కనబడిన చిక్కును ఒక వాక్యంలో చూపి, ప్రతిపాదనతో పరిచయాన్ని ముగించాలి. పురస్కారాల జాబితాకు ఇక్కడ చోటు లేదు. ‘ఆర్‌.ఆర్‌.ఆర్‌.’ సినిమాలోని ‘నాటు నాటు’ పాటకు 2023లో ఆస్కార్ వచ్చింది. కీరవాణి, చంద్రబోస్ వేదికెక్కి అందుకున్నారు. తెలుగువాళ్లంతా గర్వపడే విషయమే. కానీ ఆ పాట మీద వ్యాసంలో అది సాక్ష్యం కాదు. చంద్రబోస్ అక్కడ పోలికలను ఏ ఊరి బతుకులోంచి ఏరుకున్నారు, వాటి శబ్దం అడుగుల లయకు ఎలా అతుకుతుంది అన్న ప్రశ్నలకు పురస్కారం జవాబు చెప్పదు. పదాలే చెప్పాలి.

పదాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం కూడా ఆధారాల పనిలో భాగమే. ఇంటర్నెట్‌లో దొరికే పాటల సాహిత్యాల్లో విని రాసుకున్నవే ఎక్కువ. ఒత్తులు పోతాయి, సంధులు తప్పుగా విడిపోతాయి, ఒక్కోసారి పదమే మారిపోతుంది. ఎవరో తప్పుగా విన్న పదం మీద ఒక పేరా మొత్తం కట్టుకుంటే ఆ పేరా నిలవదు. రచయితల పాటల సంపుటి దొరికితే దానితో పోల్చాలి, లేకపోతే పాటను నెమ్మదిగా మళ్లీ వినాలి. ఎత్తి చూపే పదాలకు కొటేషన్ గుర్తులు పెట్టి, పక్కన చరణం సంఖ్య వేయాలి. రెండు పంక్తులు కలిపి రాయాల్సి వస్తే మధ్యలో గీత పెట్టి పంక్తి విరిగిన చోటు చూపాలి. తన వాక్యంలో ఇమడటానికి పాటలోని పదం రూపాన్ని మార్చకూడదు. మార్చాల్సింది తన వాక్యాన్నే.

చివరిగా ముగింపు. ప్రతిపాదనను మళ్లీ దించి ‘ఈ విధంగా పై అంశాల ద్వారా తెలుస్తున్నది’ అని రాయడం చాలా బడుల్లో అలవాటు. అప్పుడే చదివిన మాటను మరోసారి చదివించడం వల్ల ఎవరికీ ఏమీ రాదు. ‘కాబట్టి మనమందరం పెద్దలను గౌరవించాలి’ అని నీతి చెప్పడం మరో అలవాటు. పాట అలాంటి మాట అనలేదు, వ్యాసం నిరూపించనూ లేదు. ముగింపు చేయాల్సిన పని వేరు. పేరాల్లో విడివిడిగా తేలిన సంగతులు కలిస్తే పాట ఏమవుతుందో చెప్పాలి. మన పాటకు ఇలా రాయవచ్చు:

‘ఈ పాటలో ఆరాటం ఒక్కసారి కూడా పేరు పెట్టుకుని రాదు. దంచిన పిండిలో, దాచిన పండ్లలో, చెప్పని వైద్యుడి మాటలో అది పనులుగా మాత్రమే కనిపిస్తుంది. అందువల్ల పాట వింటున్న మనకు తెలిసినంత కూడా, పాట ఎవరిని ఉద్దేశించిందో ఆ మనిషికి తెలియదు. పల్లవి ఆ మనిషి కోసం, చరణాలు మన కోసం అన్నట్టు ఈ పాట రెండుగా చీలి ఉంది.’

చివరి వాక్యం కొత్తది. అది పరిచయంలో లేదు, ఏ పేరాలోనూ లేదు. కానీ పేరాలన్నీ చదివినవాళ్లకు అది ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది, కాదనాలన్నా పాటలోకే వెళ్లి వెతకాలి. ఇలాంటి వాక్యం రాశాక విద్యార్థి ఒకసారి మొదటికి వెళ్లి ప్రతిపాదనను మళ్లీ చదువుకోవాలి. రాస్తూ రాస్తూ ఆలోచన పదునెక్కి, మొదట అనుకున్న వాక్యం వెనకబడిపోవడం తరచుగా జరుగుతుంది. అప్పుడు ముగింపును వెనక్కి లాగకుండా, ప్రతిపాదనను దిద్ది ముందుకు తేవాలి. ఆ దిద్దుబాటుకు తగ్గట్టు ప్రతి పేరా మొదటి వాక్యాన్నీ సరిచూసుకుంటే పని పూర్తవుతుంది.